పసుపా, నీలమా: కీలు నీటిలో స్ఫటికాలను గుర్తుపట్టడం

(రామంతాపూర్‌లో చేసిన స్మారకోపన్యాసం పాఠం)



ఈ ఉపన్యాసం ఎవరి పేరు మీద జరుగుతోందో ఆయన మాకు పాథాలజీ చెప్పిన మాస్టారు. స్లైడును తన కంటితో చూడకుండా ఏ రిపోర్టు మీదా సంతకం పెట్టేవారు కాదు. అందుకే ఇవాళ పూర్తిగా కంటి మీద ఆధారపడిన ఒక పరీక్షను ఎంచుకున్నాను. వాచిన కీలులోంచి తీసిన నీటిని ధ్రువిత కాంతిలో చూసి, అందులో ఉన్నవి యూరేటు స్ఫటికాలా, కాల్షియం పైరోఫాస్ఫేటు స్ఫటికాలా, అసలేమీ లేవా అని తేల్చే పరీక్ష అది.

నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. స్ఫటికం ఏ రంగులో కనిపించిందన్నది సగం సమాధానం. ఏ దిక్కున పడుకుని ఉండగా ఆ రంగు వచ్చిందన్నది మిగతా సగం. ఈ రెండో సగం రాయని రిపోర్టు మీద మందు మొదలుపెట్టకూడదు. ఎందుకో వివరిస్తాను.

రక్తంలోని అంకె

మోకాలు వాచి, ఎర్రబడి, దుప్పటి తగిలినా ఓర్చుకోలేనంత నొప్పితో ఎవరైనా వస్తే మనం ముందుగా రాసేది రక్తంలో యూరిక్ యాసిడ్ పరీక్ష. రక్తంలో యూరిక్ యాసిడ్‌ను రంగుతో కొలిచే పద్ధతిని హార్వర్డ్‌లో ఆటో ఫోలిన్, విలీ డెనిస్ 1912 ప్రాంతంలో రూపొందించారు. ఆ ఫోలిన్ నడిపిన జీవరసాయన విభాగంలోకే పదేళ్లు దాటాక భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు వెళ్లారు. అక్కడ ఆయన సైరస్ ఫిస్కేతో కలిసి ఫాస్ఫరస్‌ను రంగుతో కొలిచే పద్ధతిని 1925లో ప్రచురించారు. ఆ పనిలోంచే 1929లో ఏటీపీని వేరుచేశారు. అదే కాలంలో జర్మనీలో లోమన్ కూడా విడిగా దాన్ని కనుగొన్నాడు.

సుబ్బారావుగారి ఏటీపీకి మన విషయంతో నేరుగా సంబంధం ఉంది. మృదులాస్థి కణాలు ఏటీపీని బయటికి వదులుతాయి. కణం బయట ఉన్న ఒక ఎంజైము దాన్ని తెంచినప్పుడు పైరోఫాస్ఫేటు విడుదలవుతుంది. వయసు మళ్లిన మృదులాస్థిలో ఆ పైరోఫాస్ఫేటు కాల్షియంతో కలిసి స్ఫటికంగా మారుతుంది. కాబట్టి ఈ స్ఫటికం కీలులోనే పుడుతుంది. రక్తపరీక్షలో దాని జాడ దొరకదు.

యూరేటు దారి వేరు. అది రక్తంలో తిరుగుతూ కీలులోకి వస్తుంది. శరీర ఉష్ణోగ్రత దగ్గర డెసిలీటరుకు సుమారు 6.8 మిల్లీగ్రాములు దాటితే కరిగి ఉండటం కష్టమవుతుంది. చల్లగా ఉండే చోట ఆ హద్దు ఇంకా తగ్గుతుంది. కాలి బొటనవేలు గౌట్‌కు ఇష్టమైన చోటు కావడానికి ఇదీ ఒక కారణమే. అయితే హద్దు దాటిన వాళ్లలో చాలామందికి ఎప్పటికీ గౌట్ రాదు. మరోవైపు, గౌట్ విరుచుకుపడిన రోజున కొందరి రక్తంలో యూరిక్ యాసిడ్ మామూలు స్థాయిలోనే ఉంటుంది. రక్తంలోని అంకె గౌట్‌కు అవకాశం ఉందని చెప్పగలదు. ఈ మోకాలు ఈరోజు ఎందుకు వాచిందో మాత్రం చెప్పలేదు.

1961, 1962

కీలు నీటిని ధ్రువిత కాంతిలో చూడాలని పద్ధతి ప్రకారం నిలబెట్టినవారు అమెరికాలోని ఫిలడెల్ఫియాకు చెందిన డేనియల్ మెకార్టీ, జోసెఫ్ హాలండర్. వాళ్ల వ్యాసం 1961లో వచ్చింది. గౌట్ ఉన్నవారి కీలు నీటిలో సూదుల్లాంటి స్ఫటికాలు కనిపించాయి. యూరేటును మాత్రమే విడగొట్టే యూరికేజ్ ఎంజైము కలిపితే అవి కరిగిపోయాయి. అలా అవి యూరేటేనని రుజువైంది.

ఆ పనిలోనే ఇంకో చిక్కు ఎదురైంది. అచ్చం గౌట్‌లాగే బాధపడుతున్న కొందరి నీటిలో స్ఫటికాలున్నాయి గానీ యూరికేజ్ వాటిని తాకలేదు. ఎక్స్‌రే వివర్తనంతో పరీక్షించగా అవి కాల్షియం పైరోఫాస్ఫేటు డైహైడ్రేటు అని తేలింది. 1962లో మెకార్టీ, ఆయన సహచరులు ఆ సంగతి ప్రకటించి జబ్బుకు సూడోగౌట్ అని పేరు పెట్టారు. పడక దగ్గర ఒకేలా కనిపించే రెండు జబ్బులు మైక్రోస్కోపు కింద విడిపోయాయి. చికిత్స కూడా అక్కడే విడిపోయింది. యూరేటును మందులతో ఏళ్ల తరబడి తగ్గించి కరిగించవచ్చు. పైరోఫాస్ఫేటును కరిగించే మందు ఇప్పటికీ లేదు.

ఎర్రని పలక చేసే పని

ఈ పరీక్షకు కావలసిన మైక్రోస్కోపు మన చుట్టుపక్కల ఎప్పటి నుంచో ఉంది. ఉప్పల్ రోడ్డులోని ఎన్‌జీఆర్‌ఐ లాంటి భూభౌతిక సంస్థలకు, ఉస్మానియా భూవిజ్ఞాన విభాగానికి ధ్రువిత కాంతి నిత్యం వాడే పనిముట్టు. రాయిని 0.03 మిల్లీమీటర్ల మందానికి అరగదీసి, స్లైడుకు అతికించి, ఖనిజాలను రంగులతో గుర్తుపడతారు. ఇక్కడ రామంతాపూర్‌లోనే కేంద్ర ఫోరెన్సిక్ సైన్స్ ల్యాబొరేటరీ ఉంది. దారప్పోగులను, మట్టి రేణువులను పోల్చడానికి ఫోరెన్సిక్ శాస్త్రం ఆశ్రయించేదీ ఈ కాంతినే. కీలు నీటిలోని స్ఫటికానికీ, నల్లరాతిలోని ఖనిజానికీ వర్తించే సూత్రం ఒకటే. దాన్ని ఒక్కసారి నిదానంగా చూద్దాం.

మామూలు కాంతి అన్ని దిక్కుల్లోనూ కంపిస్తుంది. పోలరైజర్ అనే పలక అందులో ఒక్క దిక్కు కంపనాన్నే పోనిస్తుంది. స్లైడుకు పైన ఎనలైజర్ అనే రెండో పలకను దానికి అడ్డంగా, 90 డిగ్రీల కోణంలో పెడితే కాంతి పూర్తిగా ఆగిపోయి చూసే మేర నల్లబడుతుంది. ఇప్పుడు ఈ రెండింటి నడుమ ఒక యూరేటు సూది ఉందనుకోండి. దానిలోకి వెళ్లిన కాంతి రెండుగా చీలుతుంది. ఒక భాగం వేగంగా, మరో భాగం నెమ్మదిగా నడుస్తుంది. బయటికొచ్చేసరికి రెండింటి మధ్య ఎడం ఏర్పడుతుంది. ఆ ఎడం వల్లే కొంత కాంతి ఎనలైజర్‌ను దాటి వచ్చి, నల్లని మేరలో సూది తెల్లగా మెరుస్తుంది. ఈ గుణాన్నే ద్వివక్రీభవనం అంటాం.

కానీ మెరుపు ఒక్కటే చాలదు. మెరిసేవి చాలా ఉంటాయి. నెమ్మది దిక్కు స్ఫటికం పొడవునా ఉందా, అడ్డంగా ఉందా అన్నది తెలియాలి. దానికే ఎర్రని పలక, అంటే కాంపెన్సేటర్, కావాలి. పాతరోజుల్లో దీన్ని జిప్సం నుంచి చీల్చేవారు, ఇప్పుడు ఎక్కువగా క్వార్ట్జ్‌తో చేస్తున్నారు. ఇది సుమారు 530 నుంచి 550 నానోమీటర్ల ఎడాన్ని ముందే కల్పిస్తుంది. దానితో ఆకుపచ్చని కాంతి తొలగిపోయి మేరంతా ముదురు గులాబీ రంగులోకి మారుతుంది. పలక పిడి మీద ఒక బాణం గుర్తుంటుంది. అది పలక నెమ్మది అక్షాన్ని చూపుతుంది. రెండు పోలరాయిడ్లకూ మధ్యగా, 45 డిగ్రీల కోణంలో దాన్ని అమరుస్తారు.

ఇక స్ఫటికం నెమ్మది దిక్కు, పలక నెమ్మది దిక్కు ఒకే వైపు ఉంటే ఎడాలు కలుస్తాయి, స్ఫటికం నీలంగా కనిపిస్తుంది. అడ్డంగా ఉంటే ఒకటి రెండోదాన్ని తగ్గిస్తుంది, స్ఫటికం పసుపుగా కనిపిస్తుంది. యూరేటు సూదిలో నెమ్మది దిక్కు సూదికి అడ్డంగా ఉంటుంది. అందువల్ల సూది బాణానికి సమాంతరంగా ఉన్నప్పుడు పసుపు, అడ్డంగా ఉన్నప్పుడు నీలం. పైరోఫాస్ఫేటులో నెమ్మది దిక్కు పొడవు వైపే ఉంటుంది కాబట్టి సమాంతరంగా ఉంటే నీలం, అడ్డంగా ఉంటే పసుపు. మొదటిదాన్ని రుణాత్మకమని, రెండోదాన్ని ధనాత్మకమని రాస్తాం.

మొదట చెప్పిన మాటకు ఆధారం ఇదే. యూరేటు కూడా నీలంగా కనిపిస్తుంది, పైరోఫాస్ఫేటు కూడా పసుపుగా కనిపిస్తుంది. ‘పసుపు స్ఫటికాలు కనిపించాయి’ అన్న రిపోర్టు ఏదీ తేల్చని రిపోర్టే. బాణం ఎటు ఉందో తెలిసిన రోజునే రంగుకు అర్థం వస్తుంది.

సూది నుంచి స్లైడు దాకా

కీలు నీరు తీసినప్పుడు సాధారణంగా మూడు భాగాలుగా పంచాలి. కణాల లెక్కకు ద్రవరూప ఈడీటీఏ ఉన్న గొట్టంలో కొంత, కల్చర్‌కు స్టెరైల్ సీసాలో కొంత, స్ఫటికాలకు ఏ మందూ కలపని ఒక చుక్క. ఆ చుక్కను సిరంజి కొన నుంచి నేరుగా స్లైడు మీద వేసి కవర్‌స్లిప్ మూస్తే చాలు. బొటనవేలి కీలులోంచి సిరంజిలోకి నీరు రాకపోయినా సూది బోలులో నిలిచిన తేమ ఒక్కోసారి సరిపోతుంది. దాన్ని పారబోయకూడదు. ఖాళీ సిరంజి తగిలించి స్లైడు మీదకు ఊదాలి.

స్లైడు, కవర్‌స్లిప్ రెండూ ఆల్కహాల్‌తో తుడిచి, దూది పోగు లేని గుడ్డతో ఆరబెట్టాలి. దుమ్ము మెరుస్తుంది, దూది పోగు మెరుస్తుంది, గాజు మీది గీత కూడా మెరుస్తుంది. గొట్టాల్లో ఉండే పొడి ఆక్సలేటు, లిథియం హెపారిన్ తామే స్ఫటికాలుగా కనిపించి మోసం చేస్తాయి. ఈడీటీఏ ఇంకో రకంగా పాడుచేస్తుంది. అది కాల్షియాన్ని పట్టుకుంటుంది గనుక అందులో నిలవుంచిన నీటిలో పైరోఫాస్ఫేటు క్రమంగా కరిగిపోవచ్చు. యూరేటు వారాల తరబడి నిలుస్తుంది గానీ, కణాలు కొన్ని గంటల్లోనే చెడిపోతాయి. అందుకే తీసిన వెంటనే చూడటం ఉత్తమం, అదే రోజు చూడటం తప్పనిసరి.

కణాలు లెక్కించేటప్పుడు ఇంకో జాగ్రత్త. రక్తానికి వాడే ఎసిటిక్ యాసిడ్ ద్రావణాన్ని ఇక్కడ వాడకూడదు. కీలు నీటిలోని హయలురోనిక్ యాసిడ్ ఆ ఆమ్లంతో ముద్దకట్టి కణాలను పట్టేస్తుంది, లెక్క తప్పుతుంది. మామూలు సెలైన్‌తోనే పలచన చేయాలి.

ఒక కేసు వివరంగా

ఇలాంటి నీరు మన ల్యాబ్‌కు వస్తే ఏం జరుగుతుందో ఒక నమూనా కేసు తీసుకుని దశలవారీగా చూద్దాం. ఒక పెద్దావిడ, వయసు 72. జారిపడి తుంటి విరిగితే ఆపరేషన్ జరిగింది. నాలుగో రోజున కుడి మోకాలు వాచింది, జ్వరం 100 డిగ్రీలు. బీపీకి క్లోర్‌థాలిడోన్ వాడుతున్నారు. రక్తంలో యూరిక్ యాసిడ్ 7.4. ఇంత వరకు చూసి గౌట్ అనుకోవడం సహజం. మూత్రం ఎక్కువగా పోయించే బీపీ మాత్ర యూరిక్ యాసిడ్‌ను పెంచుతుంది కాబట్టి ఆ అంకెకు సమాధానం అక్కడే ఉండొచ్చన్న సంగతి మరిచిపోవడం కూడా సహజమే.

మోకాల్లోంచి 25 మిల్లీలీటర్ల నీరు వచ్చింది. పసుపుపచ్చగా, మసకగా ఉంది. సిరంజి వెనక పేపరు పెడితే అక్షరాలు కనిపించడం లేదు. తెల్లకణాలు మైక్రోలీటరుకు 22,000, అందులో 90 శాతం న్యూట్రోఫిల్స్. గ్రామ్ స్టెయిన్‌లో బ్యాక్టీరియా లేదు. కల్చర్‌కు పంపారు.

ఇప్పుడు స్లైడు. టెక్నీషియన్ ముందుగా 100 రెట్ల పెద్దది చేసే లెన్సుతో, పోలరాయిడ్లు రెండూ అడ్డంగా పెట్టి, నల్లని మేరలో స్లైడంతా తిరిగారు. యూరేటు సూదులుంటే ఈ దశలోనే చురుక్కుమని మెరిసేవి. ఇక్కడ మెరిసినవి రెండు మూడే. ఫోకస్ కొద్దిగా మార్చి చూస్తే అవి కణాలున్న మట్టంలో లేవు, కవర్‌స్లిప్ పైభాగంలో ఉన్నాయి. అంటే దుమ్ము.

చాలా పొరపాట్లు ఇక్కడే జరుగుతాయి. ఈ దశలో ఆగిపోతే ‘స్ఫటికాలు లేవు’ అని రిపోర్టు పోతుంది. పైరోఫాస్ఫేటుకు ద్వివక్రీభవనం చాలా బలహీనం. స్పెయిన్‌కు చెందిన ఇవోరా, రోసాస్, పాస్కల్ 1999లో లెక్కకట్టి చూసినప్పుడు, మామూలు కాంతిలో కనిపించిన పైరోఫాస్ఫేటు స్ఫటికాల్లో సుమారు ఐదో వంతు మాత్రమే ధ్రువిత కాంతిలో మెరిశాయి. అంటే దీన్ని వెతకడం ధ్రువిత కాంతితో మొదలుపెట్టకూడదు.

కాబట్టి ఆ టెక్నీషియన్ ఎనలైజర్ తీసేశారు. 400 రెట్ల లెన్సు పెట్టి, కండెన్సర్ కింది ఐరిస్‌ను బాగా మూశారు. వెలుతురు తగ్గి అంచులు స్ఫుటమయ్యాయి. నాలుగైదు మేరలు దాటాక ఒక న్యూట్రోఫిల్‌లో చిన్న ఇటుకలాంటి ఆకారం కనిపించింది. మూలలు స్పష్టంగా ఉన్నాయి. పక్కకు వాలిన ఇటుకలా ఎదురెదురు భుజాలు సమాంతరంగా ఉన్నాయి. మరో కణంలో పొట్టి కడ్డీ ఒకటుంది. కణం రేణువులు సందడిగా కదులుతుంటే ఇది వాటి మధ్య గట్టిగా, నిలకడగా ఉంది. యూరేటు సూది అయితే ఒక్కోసారి కణాన్ని ఆ చివర నుంచి ఈ చివర వరకు చొచ్చుకుని, మొనలు రెండు వైపులా బయటికి పొడుచుకొచ్చి ఉంటుంది. ఈ ఇటుక అలా లేదు, కణం లోపలే ఇమిడిపోయింది.

అదే చోట కదలకుండా ఎనలైజర్ పెట్టారు. ఇటుక బూడిదరంగులో, ఉందా లేదా అన్నంత లేతగా మిగిలింది. దీపం పూర్తిగా పెంచి ఎర్రని పలక తోశారు. మేర గులాబీ రంగుకు మారింది. కడ్డీ పొడవు వైపు బాణానికి దాదాపు సమాంతరంగా ఉంది. దాని రంగు లేత నీలం. బల్లను 90 డిగ్రీలు తిప్పారు. కడ్డీ బాణానికి అడ్డంగా వచ్చింది, రంగు లేత పసుపుకు మారింది. మధ్యలో 45 డిగ్రీల దగ్గర గులాబీ మేరలో కలిసిపోయినట్టు మాయమైంది. సమాంతరంగా నీలం, అడ్డంగా పసుపు అంటే ధనాత్మకం. ఆకారం, రంగు, దిక్కు మూడూ పైరోఫాస్ఫేటు అనే చెబుతున్నాయి.

టెక్నీషియన్ అక్కడితో ఆపలేదు. ఒకే కీలులో రెండు రకాల స్ఫటికాలూ ఉండవచ్చు కాబట్టి యూరేటు కోసం స్లైడంతా మళ్లీ తిరిగారు. ఒక్క సూది కూడా దొరకలేదు. మోకాలి ఎక్స్‌రే తెప్పించి చూస్తే కీలు సందులో, ఉండకూడని చోట, మృదులాస్థి వెంట సన్నని తెల్లని గీత ఉంది. మృదులాస్థిలో పేరుకున్న కాల్షియం అది.

ఆపరేషన్ తర్వాత తొలిరోజుల్లో పైరోఫాస్ఫేటు దాడి రావడం తెలిసిన విషయమే. కల్చర్‌లో రెండు రోజులైనా ఏమీ పెరగలేదు. మోకాలికి విశ్రాంతి ఇచ్చి, ఐసు పెట్టి, మూత్రపిండాల పనితీరు చూసుకుని తక్కువ మోతాదులో కోల్చిసిన్ ఇచ్చారు. యూరిక్ యాసిడ్ తగ్గించే అల్లోప్యూరినాల్ ఇవ్వలేదు. ఇస్తే ఈ మోకాలికి ఏ మేలూ జరగదు. పైగా అరుదుగా ప్రాణం మీదికి తెచ్చే చర్మ ప్రతిచర్యకు అకారణంగా తలుపు తీసినట్టవుతుంది. ఇదే జబ్బు 60 ఏళ్లలోపు వారిలో కనిపిస్తే కాల్షియం, మెగ్నీషియం, పారాథైరాయిడ్ హార్మోను, శరీరంలో ఇనుము నిల్వలు చూడాలి. వయసు కారణం కానప్పుడు ఇంకో కారణం దాగి ఉండవచ్చు.

కన్ను మోసపోయే చోట్లు

మొట్టమొదటిది బాణం. ఎర్రని పలక కొనలేని చోట పారదర్శకమైన సెలోఫేన్ టేపును స్లైడు మీద రెండు పొరలు అతికించి అదే పని చేయించవచ్చని 1970లలోనే అమెరికా వైద్యులు చూపించారు. పోలరైజర్‌గా, ఎనలైజర్‌గా రెండు పోలరాయిడ్ షీటు ముక్కలు చాలు. మామూలు మైక్రోస్కోపే ధ్రువిత మైక్రోస్కోపు అవుతుంది. పద్ధతి మంచిదే, నేను దాన్ని సమర్థిస్తాను. అయితే టేపు రకాన్ని బట్టి ఎన్ని పొరలు కావాలో మారుతుంది, నెమ్మది అక్షం ఎటు ఉందో ఆ టేపు మీద ఎవరూ గుర్తు పెట్టరు. ఊహతో గుర్తు పెడితే ఆ ల్యాబులో ప్రతి గౌట్ సూడోగౌట్ అవుతుంది, ప్రతి సూడోగౌట్ గౌట్ అవుతుంది. అన్నీ క్రమం తప్పకుండా తలకిందులవుతాయి కాబట్టి తప్పు బయటపడదు కూడా.

దీనికి మందు మన వాకిట్లోనే ఉంది. భూవిజ్ఞాన శాస్త్రం చదివిన ఎవరికైనా గుర్తున్న పలక చేతిలో ఉంటే, మన టేపు స్లైడు నెమ్మది అక్షాన్ని కొద్ది నిమిషాల్లో కనిపెట్టి శాశ్వతమైన సిరాతో బాణం గీసివ్వగలరు. ఖనిజాల విషయంలో వాళ్లు రోజూ చేసేది ఈ పనే. గౌట్ బుడిపె నుంచి తీసిన తెల్లని పొడితో స్మియర్ చేసి పెట్టుకుంటే అది ఏళ్ల తరబడి ఉంటుంది. దాన్ని కంట్రోల్ స్లైడుగా ఉంచుకుని, ప్రతిసారీ కీలు నీటికంటే ముందు చూడాలి. సూది బాణం వెంట పసుపుగా ఉంటేనే ఆ రోజు పని మొదలుపెట్టాలి.

రెండోది, బయటి నుంచి చేరే మెరుపులు. గ్లవ్స్‌లోని పిండి రేణువులు గుండ్రంగా, మధ్యలో శిలువ గుర్తుతో కనిపిస్తాయి. కొలెస్ట్రాల్ పెద్ద పలకలుగా, ఒక మూల గాటు పడినట్టు ఉంటుంది. వీటిని ఆకారమే పట్టిస్తుంది. ఎక్కువ ఇబ్బంది పెట్టేది కీలులోకి ఇంజెక్షన్‌గా ఇచ్చిన స్టెరాయిడ్. అది కూడా స్ఫటికమే. వారాల పాటు నిలిచి, కణాల్లోకి కూడా చేరి, కొన్నిసార్లు యూరేటులా, కొన్నిసార్లు పైరోఫాస్ఫేటులా నటిస్తుంది. అందువల్ల రిక్వెస్టు ఫారంలో ‘ఈ కీలుకు ఇంజెక్షన్ ఎప్పుడు ఇచ్చారు?’ అన్న ప్రశ్న తప్పక ఉండాలి.

మూడోది ఫార్మలిన్. బుడిపె ముక్కను బయాప్సీకి పంపేటప్పుడు అలవాటుగా ఫార్మలిన్‌లో వేస్తాం. యూరేటు నీటిలో కరుగుతుంది. ఫార్మలిన్‌లో ఎక్కువ భాగం నీరే. ల్యాబ్‌కు చేరేసరికి స్ఫటికాలు పోయి వాటి ఖాళీ చోట్లు మిగులుతాయి. ఈ ముక్కను స్వచ్ఛమైన ఆల్కహాల్‌లో పంపాలి.

నాలుగోది అన్నిటికంటే ప్రమాదకరమైనది. స్ఫటికం కనిపించింది కాబట్టి చీము లేదనుకోవడం. రెండూ ఒకే కీలులో ఉండగలవు. చీము పట్టిన కీలులో మృదులాస్థి దెబ్బతిని, అందులో పాతుకున్న స్ఫటికాలు నీటిలోకి రాలే అవకాశమూ ఉంది. తెల్లకణాలు 50,000 దాటినా, జ్వరం ఎక్కువగా ఉన్నా, షుగర్ ఉన్నవారైనా స్ఫటికాల రిపోర్టు చేతికొచ్చిందని కల్చర్ ఫలితం కోసం ఎదురుచూడటం మానకూడదు. తక్కువ కణాలున్నంత మాత్రాన చీము లేదని కూడా అనుకోకూడదు. అప్పటికే యాంటీబయాటిక్ మొదలుపెట్టి ఉంటే కల్చర్ కూడా ఖాళీగా రావచ్చు. అందుకే నీరు ముందు, మందు తర్వాత.

ఐదోది ‘లేవు’ అన్న మాట బరువు. ఒక చుక్కలో దొరకలేదంటే కీలులో లేవని కాదు. రెండో చుక్క చూడాలి, అవసరమైతే నీటిని సెంట్రిఫ్యూజ్ చేసి అడుగున చేరినదాన్ని చూడాలి. హైడ్రాక్సీఅపటైట్ అనే ఇంకో కాల్షియం స్ఫటికం ఎంత చిన్నదంటే ధ్రువిత కాంతికి అది కనబడనే కనబడదు. దాని గుంపులను పట్టుకోవడానికి అలిజరిన్ రెడ్ రంగు కావాలి. మరోవైపు, చికిత్స తీసుకోని గౌట్ రోగి కీలులో నొప్పి లేని రోజుల్లో కూడా యూరేటు దొరుకుతుంది. దాడి జరుగుతున్నప్పుడు నీరు తీయడం కుదరకపోతే తర్వాతైనా తీసి చూడవచ్చు.

రిపోర్టులో ఏం రాయాలి

నా విన్నపం ఒక పేరాకు మించదు. ఉప్పల్ నుంచి నాచారం దాకా కీలు నీరు చూసే ప్రతి ల్యాబూ రిపోర్టులో ఐదు విషయాలు రాయాలని కోరుతున్నాను. నీరు తీసిన సమయం, చూసిన సమయం. మామూలు కాంతిలో కూడా చూశారా లేదా. స్ఫటికం ఆకారం, అది కణం లోపలుందా, బయట ఉందా. ఎర్రని పలక బాణానికి సమాంతరంగా ఉన్నప్పుడు ఏ రంగు, అడ్డంగా ఉన్నప్పుడు ఏ రంగు. ఆ రోజు కంట్రోల్ స్లైడు సరిగ్గా కనిపించిందా లేదా. పలక లేని ల్యాబ్ కూడా సిగ్గుపడనక్కర్లేదు. ‘మెరిసే సూదులు కణాల్లో కనిపించాయి, కాంపెన్సేటర్ లేదు, రకం నిర్ధారించలేదు’ అని రాస్తే డాక్టరుకు అది నిజమైన సాయం. చూడనిదాన్ని చూసినట్టు రాసిన గౌట్ అన్న ఒక్క మాట మాత్రం రోగిని ఏళ్ల పాటు అక్కర్లేని మాత్ర మీద ఉంచుతుంది.

నీరు పంపే డాక్టర్లకు కూడా ఒక మాట. ‘యూరిక్ యాసిడ్ ఎంత?’ అని అడిగినంత తేలిగ్గా ‘బాణం వెంట ఏ రంగు?’ అని మా ల్యాబ్ వాళ్లను అడగండి. అడిగితే మేం చూడక తప్పదు. మాస్టారు మా దగ్గర ఆశించింది కూడా అదే: సంతకానికి ముందు చూపు.